గుర్తులు మారే నగదు ప్రవాహాలు: ఐఆర్‌ఆర్ చూపే రెండు రేట్లు, ఎంఐఆర్‌ఆర్ అడిగే రెండు రేట్లు

ప్రశ్న: నాలుగేళ్ల లీజు మిగిలి ఉన్న ఒక గ్రానైట్ క్వారీని తీసుకోవాలని మేము ముగ్గురు భాగస్వాములం అనుకుంటున్నాము. ఇప్పుడు యంత్రాలకూ, పైమట్టి తీయడానికీ 250 లక్షలు పెట్టాలి. మొదటి ఏడాది చివర ఖర్చులన్నీ పోను 375 లక్షలు చేతికి వస్తాయి. రెండో ఏడాది కింది బెంచి తెరవాలి కాబట్టి 60 లక్షలు ఎదురు పెట్టుకోవాలి. మూడో ఏడాది 365 లక్షలు వస్తాయి. నాలుగో ఏడాది చివర పాత గుంతతో సహా పూడ్చి, డంపులు సర్ది, స్థలం అప్పగించడానికి 462 లక్షలు అవుతుంది. ఎక్సెల్‌లో నేను వేస్తే ఐఆర్‌ఆర్ 10 శాతం వచ్చింది, అవే అంకెలతో మా కన్సల్టెంట్ వేస్తే 40 శాతం వచ్చింది. మా సొమ్ము మీద 12 శాతం రావాలన్నది మా లెక్క. ఏది నమ్మాలి? ఎంఐఆర్‌ఆర్ వేస్తే తేలుతుందా?

సమాధానం:

ఐఆర్‌ఆర్‌గా, అంటే అంతర్గత రాబడి రేటుగా, రెండు అంకెలూ గణితం ప్రకారం సరైనవే, కానీ మీ నిర్ణయానికి రెండూ పనికిరావు. మీరు చెప్పిన 12 శాతం రేటుతో ఈ ప్రాజెక్టు ఎన్‌పీవీ, అంటే నికర ప్రస్తుత విలువ, 3.18 లక్షలు మాత్రమే వస్తుంది. 250 లక్షలు పెట్టి నాలుగేళ్లు నడిపే పనికి అది దాదాపు సున్నా కిందే లెక్క. మూసివేత కోసం పక్కన పెట్టే డబ్బు మీద బ్యాంకు వడ్డీ మాత్రమే వస్తుందనుకుంటే ఆ కొద్దిపాటి లాభం కూడా పోయి నష్టంలో పడుతుంది. ఎంఐఆర్‌ఆర్, అంటే సవరించిన ఐఆర్‌ఆర్, వేస్తే తప్పకుండా ఒకే అంకె వస్తుంది. అయితే అది అడిగే రెండు రేట్లలో ఒకదాన్ని చాలామంది దాని పేరు చూసి పొరపాటుగా నింపుతారు కాబట్టి, ఆ ఒక్క అంకె కూడా తప్పుదారి పట్టించగలదు.

ముందుగా ఏ వడ్డీ రేటూ లేకుండా అంకెలను కూడి చూడండి. వచ్చేవి 375, 365 కలిపి 740 లక్షలు. పోయేవి 250, 60, 462 కలిపి 772 లక్షలు. అంటే నాలుగేళ్ల తరువాత మీ జేబులోంచి 32 లక్షలు ఎక్కువే పోతాయి. మొత్తం మీద పెట్టినంత కూడా తిరిగి రాని ప్రాజెక్టుకు 40 శాతం రాబడి ఉందని ఒక ఫార్ములా చెబుతున్నదంటే, ఆ 40 శాతం ఎక్కడి నుంచి పుడుతున్నదో వెదకవలసిందే.

ఐఆర్‌ఆర్ అంటే ఎన్‌పీవీని సున్నా చేసే రేటు. మామూలు ప్రాజెక్టులో ముందు డబ్బు పెడతాము, ఆ తరువాత అన్ని ఏళ్లూ డబ్బు వస్తూ ఉంటుంది. అక్కడ రేటు పెంచుతున్నకొద్దీ ఎన్‌పీవీ తగ్గుతూనే పోతుంది కాబట్టి అది సున్నాను ఒక్క చోటే దాటుతుంది. మీ క్వారీ అలా లేదు. సున్నా శాతం వద్ద దీని ఎన్‌పీవీ మైనస్ 32 లక్షలు, 5 శాతం వద్ద మైనస్ 12 లక్షలు, సరిగ్గా 10 శాతం వద్ద సున్నా. అక్కడి నుంచి అది పెరుగుతూ 20, 25 శాతాల వద్ద 9 లక్షల పైచిలుకుకు చేరి, మళ్లీ దిగి 40 శాతం వద్ద రెండోసారి సున్నా అవుతుంది, 50 శాతం వద్ద మైనస్ 10 లక్షలకు దగ్గరగా ఉంటుంది. రేటు పెరిగితే ప్రాజెక్టు విలువ పెరగడం వింతగా అనిపించవచ్చు, కానీ కారణం తేలికైనదే. చివరనున్న 462 లక్షల బాకీ మీద రేటు ఎంత పెంచితే ఆ బాకీ ఈనాటి విలువ అంత కుంచించుకుపోతుంది.

ఎక్సెల్ ఈ రెండు చోట్లలో ఏది చూపుతుందన్నది అది ఎక్కడి నుంచి వెదకడం మొదలుపెట్టింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. `IRR` ఫంక్షన్‌లో రెండో విలువగా మీరు ఏమీ ఇవ్వకపోతే అది 10 శాతం నుంచి మొదలుపెడుతుంది, మీకు అక్కడే జవాబు దొరికింది. మీ కన్సల్టెంట్ అక్కడ 0.5 వంటి పెద్ద అంకె ఇచ్చి ఉండాలి. రెండో జవాబు ఒకటి ఉందని ఎక్సెల్ తనంతట తాను ఎవరికీ చెప్పదు. మీ ఐదు అంకెలూ, పోయేవి మైనస్‌తో, B2 నుంచి B6 వరకు ఉన్నాయనుకుందాము.

```
=IRR(B2:B6)
=IRR(B2:B6,0.5)
=NPV(12%,B3:B6)+B2
```

మూడో వరుసలో B2 ను బయట కూడడం మరచిపోవద్దు. `NPV` ఫంక్షన్ తనకు ఇచ్చిన మొదటి విలువను ఏడాది చివరిదిగా భావిస్తుంది కాబట్టి, ఈరోజు పెట్టే 250 లక్షలను అందులో కలిపితే మొత్తం లెక్క ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రాజెక్టును ఒక ఖాతాగా ఊహించి, ఏడాదికేడాది దాని నిల్వ రాసి చూస్తే ఐఆర్‌ఆర్ ఏమి అనుకుంటున్నదో కంటికి కనిపిస్తుంది. మీరు పెట్టిన సొమ్ము ఖాతాలో మైనస్‌గా ఉంటుంది, అంటే ప్రాజెక్టు మీకు బాకీ ఉన్నది. 40 శాతంతో మొదలుపెడదాము. ఈరోజు నిల్వ మైనస్ 250. ఏడాది గడిచేసరికి వడ్డీతో అది మైనస్ 350 అవుతుంది, అప్పుడు 375 వస్తే నిల్వ ప్లస్ 25. ఆ 25 మరో ఏడాదికి 40 శాతంతో 35 అవుతుంది, అందులోంచి 60 పోతే మైనస్ 25. అది మూడో ఏడాదికి మైనస్ 35, అప్పుడు 365 వస్తే ప్లస్ 330. ఆ 330 లక్షలు చివరి ఏడాదిలో 462 లక్షలై, పూడిక ఖర్చుకు సరిగ్గా సరిపోయి, ఖాతా సున్నాతో మూతపడుతుంది.

ఆ చివరి అడుగు దగ్గర ఆగి చూడండి. మూడో ఏడాది చివర మీ చేతిలో 330 లక్షలు ఉంటాయి, వాటిని ఏడాది తరువాత మూసివేతకు ఖర్చు పెట్టాలి. ఆ ఒక్క ఏడాదిలో దాని మీద మీరు 132 లక్షలు సంపాదిస్తేనే 40 శాతం లెక్క నిలబడుతుంది. ఆ 132 లక్షలు క్వారీ నుంచి రావడం లేదు, అక్కడ బ్లాకుల తీత అప్పటికే ముగిసింది. అది మీరు బయట ఎక్కడో సంపాదించవలసిన డబ్బు. బ్యాంకు డిపాజిట్‌లో 7 శాతానికి ఉంచితే 23 లక్షలు వస్తాయి, మిగిలిన 109 లక్షలు మీ ముగ్గురూ సొంతంగా తెచ్చుకోవలసి ఉంటుంది. కన్సల్టెంట్ చూపిన 40 శాతంలో సింహభాగం ఇలా లేని సంపాదనను ఉన్నట్టు రాసుకున్నదే.

10 శాతంతో ఇదే ఖాతా మరో కథ చెబుతుంది. మైనస్ 250 ఏడాదికి మైనస్ 275, 375 రాగానే ప్లస్ 100. అది 110 అయి, 60 పోయి, ప్లస్ 50. అది 55 అయి, 365 కలిసి, ప్లస్ 420. అది 462 అయి, మూసివేతతో సున్నా. ఇక్కడ ప్రాజెక్టు మీకు బాకీ ఉన్నది మొదటి ఏడాది మాత్రమే. ఆ తరువాత మూడేళ్లూ మీరే ప్రాజెక్టు సొమ్మును వాడుకుంటూ, చివరలో తీర్చవలసినవారుగా ఉన్నారు. కాబట్టి ఈ 10 శాతం చాలావరకు మీరు అప్పు మీద కట్టే వడ్డీ రేటు లాంటిది, కొంత మేరకే పెట్టుబడి మీద వచ్చే రాబడి. రాబడి రేటైతే ఎక్కువ ఉంటే మేలు, అప్పు వడ్డీ అయితే తక్కువ ఉంటే మేలు. రెండూ కలిసిపోయిన అంకెను తీసుకొని మీ 12 శాతంతో పోల్చి, ఇది తక్కువ కాబట్టి వద్దు అనో, ఎక్కువ కాబట్టి సరే అనో తేల్చడానికి ఆధారమే ఉండదు.

పాఠ్యపుస్తకాలలో ఐఆర్‌ఆర్ మీద ఉండే ఆరోపణ ఒకటి ఉంది: మధ్యలో వచ్చే డబ్బునంతా అదే రేటుకు మళ్లీ పెట్టుబడి పెడతామని అది అనుకుంటుందట. దీన్ని కొంచెం సవరించి చెప్పుకోవాలని నా అభిప్రాయం. ముందు పెట్టి తరువాత వసూలు చేసుకునే మామూలు ప్రాజెక్టులో ఖాతా నిల్వ చివరి వరకు మైనస్‌లోనే ఉంటుంది, అక్కడ ఐఆర్‌ఆర్ ఇంకా వసూలు కాని అసలు మీద వచ్చే రేటు, చేతికి వచ్చిన డబ్బును మీరేమి చేసుకున్నా దానికి పట్టదు. నిల్వ ప్లస్‌లోకి వచ్చి, ఆ ప్లస్ నుంచే తరువాతి ఖర్చులు తీరవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ ఊహ నిజంగానే లెక్కలోకి ప్రవేశిస్తుంది. మీ క్వారీలో జరిగింది అదే. ఒకే రేటుకు రెండు పనులు అప్పగించారు: క్వారీలో ఇరుక్కున్న డబ్బు మీద రాబడిని కొలవడం, క్వారీ బయట మీ దగ్గర ఉన్న డబ్బు మీద వడ్డీని కొలవడం. ఈ రెండు రేట్లు ఒకటే కావడానికి ఏ కారణమూ లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన చిక్కు కాదు. 1955లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ లోరీ, లియొనార్డ్ సావేజ్ ఒక చమురు బావి ఉదాహరణ ఇచ్చారు. 1,600 డాలర్లతో పెద్ద పంపు పెడితే మొదటి ఏడాది 10,000 డాలర్లు అదనంగా వస్తాయి, కానీ రెండో ఏడాది రావలసిన చమురే ముందుగా తోడేస్తారు కాబట్టి ఆ ఏడాది 10,000 తగ్గుతాయి. దానికి ఐఆర్‌ఆర్ 25 శాతమూ అవుతుంది, 400 శాతమూ అవుతుంది. కాగితం మీద మీరే సరిచూసుకోవచ్చు.

మీ నగదు ప్రవాహానికి ఈ జబ్బు ఉందో లేదో ఐఆర్‌ఆర్ వేయకముందే తెలుసుకునే మార్గం ఉంది. గుర్తు ఎన్నిసార్లు మారుతున్నదో లెక్కపెట్టండి. మీ వరుసలో మైనస్, ప్లస్, మైనస్, ప్లస్, మైనస్ అని నాలుగుసార్లు మారింది. డెకార్ట్ సూత్రం ప్రకారం అప్పుడు నాలుగు జవాబుల వరకు ఉండవచ్చు, మీకు రెండే ఉన్నాయి. కానీ గుర్తులు పలుమార్లు మారినంత మాత్రాన ఐఆర్‌ఆర్ తప్పనిసరిగా చెడిపోదు. అందుకని నేను ఎక్కువగా చూసేది మొత్తాలను కలుపుకుంటూ పోయే వరుసను. మీది మైనస్ 250, ప్లస్ 125, ప్లస్ 65, ప్లస్ 430, మైనస్ 32 అవుతుంది. ఈ వరుస మైనస్‌తో మొదలై, గుర్తు ఒక్కసారి మాత్రమే మారి ప్లస్‌లో ముగిస్తే, సున్నా కంటే ఎక్కువైన ఐఆర్‌ఆర్ ఒక్కటే ఉంటుందని 1972లో నార్‌స్ట్రోమ్ అనే పరిశోధకుడు నిరూపించాడు. మీ వరుస రెండుసార్లు మారి, మైనస్‌లో ముగిసింది. అక్కడే ఐఆర్‌ఆర్‌ను పక్కన పెట్టవలసింది.

ఈ అంకె ఎంత బలహీనమైనదో చూడాలంటే పూడిక ఖర్చును 10 శాతం పెంచి, 462కు బదులు 508.2 అని వేసి చూడండి. డీజిల్ ధర పెరిగినా, టిప్పర్లు డంపు నుంచి గుంత దాకా వెళ్లే దూరం పెరిగినా ఆ మాత్రం తేడా మామూలే. అప్పుడు 10 శాతమూ ఉండదు, 40 శాతమూ ఉండదు. ఏ రేటు వద్దా ఎన్‌పీవీ సున్నా కాదు, అన్ని రేట్ల వద్దా మైనస్‌లోనే ఉంటుంది, ఎక్సెల్ `#NUM!` అని చేతులెత్తేస్తుంది. ఎన్‌పీవీ మాత్రం 12 శాతం వద్ద మైనస్ 26 లక్షలని నిశ్చింతగా చెబుతుంది. ఒక్క ఖర్చు పదో వంతు పెరిగితే 40 శాతం రాబడి కాస్తా పూర్తిగా మాయమయ్యే కొలతను ముందు పెట్టుకొని భాగస్వాముల సంతకాలు తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

ఇక ఎంఐఆర్‌ఆర్. అది ఆ రెండు పనులను రెండు రేట్లకు విడదీస్తుంది. పోయే డబ్బులన్నిటినీ ఒక రేటుతో ఈరోజుకు తెస్తుంది, వచ్చే డబ్బులన్నిటినీ మరో రేటుతో చివరి ఏడాదికి తీసుకుపోతుంది. మధ్యలో ఏమీ మిగలదు. మొదట ఒక పెట్టుబడి, చివర ఒక వసూలు, అంతే. గుర్తు ఒక్కసారే మారుతుంది కాబట్టి జవాబు ఒక్కటే వస్తుంది.

మీ అంకెలతో చేసి చూద్దాము. పోయే వాటికి 12 శాతం, వచ్చే వాటికి 7 శాతం అనుకుందాము. ఈరోజు పోయే 250 అలాగే ఉంటుంది. రెండేళ్ల తరువాతి 60 ఈరోజుకు 47.8 అవుతుంది, నాలుగేళ్ల తరువాతి 462 ఈరోజుకు 293.6 అవుతుంది. మొత్తం 591.4 లక్షలు. మొదటి ఏడాది వచ్చే 375 మూడేళ్లు 7 శాతంతో పెరిగి 459.4 అవుతుంది, మూడో ఏడాది 365 ఒక ఏడాది పెరిగి 390.6 అవుతుంది, మొత్తం 849.9 లక్షలు. 849.9ని 591.4తో భాగిస్తే 1.437, దాని నాలుగో మూలం 1.0949. అంటే ఎంఐఆర్‌ఆర్ 9.49 శాతం.

```
=MIRR(B2:B6,12%,7%)
```

రెండు చోట్లా 12 శాతమే ఇస్తే 12.15 వస్తుంది. ఇది ఎన్‌పీవీ చెప్పిన మాటనే మరో రూపంలో చెబుతుంది. రెండు రేట్లూ మీకు రావలసిన రేటుకు సమానమైతే, ఎన్‌పీవీ ప్లస్‌లో ఉన్నప్పుడే ఎంఐఆర్‌ఆర్ ఆ రేటును దాటుతుంది, మైనస్‌లో ఉంటే తప్పకుండా దిగువనే ఉంటుంది. 3.18 లక్షల పల్చటి ఎన్‌పీవీయే ఇక్కడ 0.15 శాతంగా కనిపిస్తున్నది. పూడిక 508.2 అయినప్పుడు `IRR` పారిపోయినా, అదే 12, 12 రేట్లతో ఎంఐఆర్‌ఆర్ 10.80 శాతమని నిలకడగా చూపుతుంది.

ఇక్కడి వరకు ఎంఐఆర్‌ఆర్ మంచి పనిముట్టే. ఇప్పుడు దాని చిక్కు చెబుతాను, ఎందుకంటే చాలా ప్రాజెక్టు నివేదికలలో నేను చూసే తప్పు ఇక్కడే ఉంటుంది. ఎక్సెల్ మొదటి రేటుకు `finance_rate` అని పేరు పెట్టింది. ఆ పేరు చూసి అందరూ బ్యాంకు రుణం వడ్డీని అక్కడ రాస్తారు. మీ బ్యాంకు రుణ వడ్డీని 12 నుంచి 15 శాతానికి పెంచిందనుకోండి, అక్కడ 15 అని మార్చి చూడండి. రుణం ఖరీదైనప్పుడు ప్రాజెక్టు రాబడి తగ్గాలి, లేదా ఉన్నచోటే ఉండాలి. కానీ ఎంఐఆర్‌ఆర్ 9.49 నుంచి 11.02కు పెరుగుతుంది. వడ్డీ పెరిగినకొద్దీ మెరుగయ్యే ప్రాజెక్టు ఈ భూమి మీద ఉండదు.

కారణం ఆ రేటు నిజంగా చేసే పనిలో ఉంది. నాలుగేళ్ల తరువాతి 462 లక్షలను 12 శాతంతో ఈరోజుకు తెస్తే 293.6 అయింది. ఈ లెక్కకు అర్థం, ఈరోజు 293.6 లక్షలు ఎక్కడో పెడితే అది ఏటా 12 శాతం చొప్పున ఏ అనుమానమూ లేకుండా పెరిగి, మూసివేత నాటికి 462 అవుతుందని. అంటే ఆ రేటు మీరు కట్టే వడ్డీ కాదు, భవిష్యత్తు ఖర్చు కోసం పక్కన పెట్టిన డబ్బు మీద మీకు వచ్చే వడ్డీ. మొదటి ఏడాదికి ముందు పెట్టుబడి మాత్రమే ఉండి, తరువాత ఖర్చులేవీ లేని ప్రాజెక్టులో ఈ రేటు ఎంతున్నా తేడా రాదు, అందుకే ఈ తప్పు అక్కడ బయటపడదు. చివరలో పెద్ద ఖర్చు ఉన్న గనులు, క్వారీల వంటి చోట మాత్రం అదే ఫలితాన్ని తారుమారు చేస్తుంది. గుంత పూడ్చడం తప్పించుకోలేని బాధ్యత, దానికి పెట్టే డబ్బు భద్రంగా ఉండాలి, కాబట్టి ఆ స్థానంలో డిపాజిట్ వంటి భద్రమైన రేటు రాయాలి. అలా 7, 7 అని రాస్తే ఎంఐఆర్‌ఆర్ 6.74 శాతం వస్తుంది.

అయినా నాకు దీనితో కూడా పూర్తి తృప్తి లేదు. రెండో ఏడాది ఖర్చుకూ, నాలుగో ఏడాది ఖర్చుకూ కావలసిన డబ్బును మీరు ఈరోజే తెచ్చి పక్కన పెట్టినట్టు ఈ పద్ధతి భావిస్తుంది. నిజానికి మీరు అలా చేయరు, మొదటి ఏడాది వచ్చిన దాంట్లోంచి రెండో ఏడాది ఖర్చు, మూడో ఏడాది వచ్చిన దాంట్లోంచి మూసివేత ఖర్చు తీరుస్తారు. అందుకని నేను ఇలాంటి ప్రాజెక్టులలో చివరి నుంచి వెనక్కి నడుస్తాను. నాలుగో ఏడాది 462 కావాలంటే, 7 శాతం డిపాజిట్‌లో మూడో ఏడాది చివర 431.8 ఉండాలి. ఆ ఏడాది 365 వస్తుంది కాబట్టి ఇంకా 66.8 తక్కువ పడుతుంది. దానికోసం రెండో ఏడాది చివర 62.4 మిగిలి ఉండాలి, ఆ ఏడాది 60 ఖర్చు కూడా ఉన్నది కనుక మొత్తం 122.4 కావాలి, అంటే మొదటి ఏడాది చివరనే 114.4 పక్కన పెట్టాలి. మొదటి ఏడాది వచ్చిన 375లో 114.4 పోగా, మీ ముగ్గురూ నిజంగా పంచుకోగలిగేది 260.6 లక్షలు. ఆ తరువాత క్వారీ మీకు ఒక్క రూపాయి ఇవ్వదు, మీ దగ్గర నుంచి ఒక్క రూపాయి అడగదు కూడా.

అంటే మీ వ్యవహారమంతా 250 లక్షలు పెట్టి ఏడాదికి 260.6 లక్షలు తీసుకోవడమే. రాబడి 4.24 శాతం. 10 కాదు, 40 అసలే కాదు. మీరు కోరుకునే 12 శాతంతో ఈ 260.6ను ఈరోజుకు తెస్తే 232.7 లక్షలు, అంటే 250కి 17.3 లక్షలు తక్కువ. గుర్తులన్నీ ఒక్కసారి మారే రూపానికి వచ్చేశాయి కాబట్టి ఇప్పుడు ఐఆర్‌ఆర్, ఎన్‌పీవీ, ఎంఐఆర్‌ఆర్ అన్నీ ఒకే మాట చెబుతాయి.

ఈ పద్ధతి నా సొంత ఊహ కాదు, గనుల రంగంలో ఇది చట్టబద్ధమైన రూపంలోనే ఉంది. బొగ్గు గనుల మూసివేతపై కేంద్ర బొగ్గు శాఖ 2009లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం గని నడుస్తున్నన్నాళ్లూ ఏటా కొంత సొమ్మును ఆ పనికే కట్టుబడి ఉండే ఎస్క్రో ఖాతాలో జమ చేయాలి. అటువంటి ఖాతా ఉన్నచోట చివరి ఏడాది పెద్ద మైనస్ విడిపోయి, ప్రతి ఏడాది రాబడిలో చిన్న కోతగా మారుతుంది, మీ లెక్కలో వాడవలసిన భద్రమైన రేటు ఏమిటన్న వాదన కూడా ఉండదు, ఆ ఖాతా మీద వచ్చే వడ్డీయే అది. మీ లీజు ఒప్పందంలో మూసివేతకు డిపాజిట్ లేదా బ్యాంకు గ్యారంటీ షరతు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే, ఆ తేదీలూ మొత్తాలే మీ షీటులో ఉండాలి, పైన నేను వెనక్కి నడిచి తేల్చిన అంకెలు కావు.

ఎంఐఆర్‌ఆర్ విషయంలో మరొక్కటి చెప్పి ముగిస్తాను. అది ఎన్నేళ్లకు వేస్తున్నారన్న దాని మీద కూడా మారుతుంది. పైన మీ సొమ్ము ఏడాదిలో 4.24 శాతంతో బయటికి వచ్చేసింది. అదే 260.6 లక్షలను మరో మూడేళ్లు 7 శాతం డిపాజిట్‌లో ఉంచి, నాలుగేళ్లకు ఎంఐఆర్‌ఆర్ వేస్తే 6.30 శాతం కనిపిస్తుంది. క్వారీ ఏమీ మెరుగుపడలేదు, బ్యాంకు వడ్డీ వచ్చి కలిసిందంతే. కాలం పొడిగించినకొద్దీ ఎంఐఆర్‌ఆర్ ఆ బయటి రేటు వైపు జరుగుతూ పోతుంది. అందుకని రెండేళ్ల ప్రాజెక్టు ఎంఐఆర్‌ఆర్‌ను ఎనిమిదేళ్ల ప్రాజెక్టు ఎంఐఆర్‌ఆర్ పక్కన పెట్టి పోల్చడం సరికాదు, రెంటినీ ఒకే కాలానికి తెచ్చాకనే పోల్చాలి. పరిమాణాలు వేరైనప్పుడు, ఒకటి చిన్న క్వారీ, మరొకటి పెద్దది అయినప్పుడు, శాతాలతో ఎంపిక చేయవద్దు, ఎన్‌పీవీ రూపాయలతోనే చేయండి.

కన్సల్టెంట్‌ను రెండు విషయాలు అడగండి. మొదటిది, 40 శాతంలో మూడో ఏడాది చివరి 330 లక్షల మీద వచ్చే 132 లక్షలు ఎవరు ఇస్తారు అని. రెండోది, 462 లక్షల అంచనా ఏనాటి ధరలతో వేశారు, పాత లీజుదారు వదిలిన గుంత అందులో ఎంత అని. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మీ బేరానికి ఉపయోగపడుతుంది, ఎందుకంటే మిగతా అంకెలు అలాగే ఉండి, డిపాజిట్ 7 శాతం అయితే, మీకు 12 శాతం రావాలంటే మూసివేత ఖర్చు 438 లక్షలకు మించకూడదు. అది తగ్గదంటే, ఇప్పుడు పెట్టే సొమ్ములో యంత్రాల ధరగానో, లీజు బదలాయింపు మొత్తంగానో కనీసం 18 లక్షలు తగ్గించమని అడగండి. 250కి బదులు 232 లక్షలకు ఒప్పుకుంటే తీసుకోవచ్చు, అంతకు పైన అయితే వదులుకోవడమే మంచిదని నా సలహా.